ఫొటోలో జానెడు... రోడ్డు మీద ఎంత?

పోయిన కార్తీకంలో ఓ సోమవారం. తెల్లవారుజామున రాజమండ్రిలో మా మేనత్త వాళ్లింట్లో ఉన్నా. గోదావరి గట్టు వైపు వెళ్లే సందులో ఇల్లు కాబట్టి, కార్తీక సోమవారం వచ్చిందంటే నాలుగింటి నుంచే జనం. డాబా మీద మావయ్య పెట్టించిన సీసీ కెమెరా ఉంది. ఆయన కాఫీ తాగుతూ ఫోన్‌లో దాన్నే చూస్తున్నాడు.

"ఒరేయ్, ఆ చివర రావిచెట్టు దగ్గర చూడరా, ఇసకేస్తే రాలట్లేదు! ఇటు కిరాణా కొట్టు ముందు మాత్రం ఖాళీగానే ఉంది. మీ అత్తని కాసేపాగి వెళ్లమను" అన్నాడు.

ఫోన్‌లో చూస్తే నాకూ అలాగే అనిపించింది. కానీ పాలప్యాకెట్ కోసం కిందకి దిగి, రావిచెట్టు దాకా నడిచి వచ్చేసరికి సీన్ రివర్స్. కొట్టు ముందే భుజాలు తగులుతున్నాయి. చెట్టు దగ్గర జనం చేతులూపుకుంటూ నడుస్తున్నారు. మావయ్య కళ్లు బాగానే ఉన్నాయి, కెమెరా కూడా బాగానే ఉంది. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఇది ఊరికే పజిల్ అయితే నవ్వుకుని వదిలేసేవాణ్ని. కానీ ఇది రాజమండ్రి. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. నేనప్పుడు ఇంటర్. ఆ రోజు మా ఇంట్లో టీవీ ఆపలేదు, ఎవరూ మాట్లాడలేదు. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాలు మళ్లీ 2027లో. కెమెరాలో చూసి 'ఎక్కడ ఇరుకుగా ఉంది' అని ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. మా మావయ్యలాగే వాళ్లూ పొరబడితే?

అందుకని ఆ వారమంతా బావతో కలిసి ఆ సందుని కొలిచా. ఈ వారం కాలమ్ ఆ కథే.

పిక్సెల్‌కి మీటర్ తెలీదు

కెమెరా ఒక గోడకి కదలకుండా ఉంది. కింద రోడ్డు చదునుగా ఉంది. ఈ రెండూ నిజమైతే చాలు, ఫొటోలోని ప్రతి చుక్కకీ రోడ్డు మీద ఒకే ఒక్క చోటు ఉంటుంది. ఫొటోలో చుక్క ఇచ్చి, రోడ్డు ప్లాన్‌లో చోటు తెచ్చుకునే లెక్కని హోమోగ్రఫీ అంటారు. క్రికెట్ పిచ్‌ని ఏటవాలుగా తీసిన ఫొటోని లాగి, పైనుంచి చూసిన మ్యాప్‌లా చదును చేశారనుకోండి. అదే.

ఆ లాగుడులో తెలియని సంఖ్యలు ఎనిమిది. రోడ్డు మీద ఒక గుర్తు పెట్టి, అది ఫొటోలో ఎక్కడుందో, నేల మీద ఎక్కడుందో రెండూ చెబితే రెండు సమీకరణాలు వస్తాయి. అంటే నాలుగు గుర్తులుంటే ఎనిమిదీ తేలిపోతాయి. షరతు ఒకటే: ఆ నాలుగింట్లో ఏ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు.

ఆదివారం తెల్లవారకముందే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు దిగాం. పక్క వీధి తాపీ మేస్త్రీ దగ్గర 30 మీటర్ల టేపు అడిగి తెచ్చాం. రోడ్డు మీద 6 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవున్న పెట్టె గీసి, నాలుగు మూలల్లో సుద్దముక్కతో ఇంటూ గుర్తులు పెట్టాలని ప్లాన్.

"గీసేశాంగా, పదా" అన్నాడు బావ. మేస్త్రీ మాత్రం నవ్వాడు. "మూలమట్టం చూశారా బాబూ? పొడవూ వెడల్పూ కరెక్టుగా ఉన్నా పెట్టె ఓ పక్కకి వాలిపోవచ్చండి. ఐమూలగా కొలవండి." ఆయన చెప్పింది అక్షరాలా పైథాగరస్ సిద్ధాంతం. 6, 20 కొలతలకి కర్ణం 20.88 మీటర్లు రావాలి. మాకు ఒకటి 20.6, ఇంకోటి 21.15 వచ్చాయి. అంటే పెట్టె వాలింది. ఒక పక్క గుర్తులు చెరిపి, రెండు కర్ణాలూ సమానమయ్యేదాకా జరిపాం. ఇక్కడ తప్పితే తర్వాత ప్రోగ్రాం ఎంత తెలివిగా ఉన్నా లాభం లేదు, వాలిన పెట్టెనే నిజమని నమ్మేస్తుంది.

తర్వాత డాబా ఎక్కి కెమెరా నుంచి ఒక ఫొటో తీసి, నాలుగు గుర్తులూ ఏ పిక్సెల్ దగ్గరున్నాయో చూశా. దగ్గరి గీత, అంటే కొట్టు వైపున్నది, 744 పిక్సెళ్ల వెడల్పు వచ్చింది. దూరపు గీత, చెట్టు వైపున్నది, 276 మాత్రమే. రెండూ నేల మీద అచ్చంగా 6 మీటర్లే. అంటే దగ్గర ఒక మీటరు 124 పిక్సెళ్లయితే, దూరాన 46. ఒకే స్కేలుతో ఫొటో మొత్తాన్ని కొలవడం కుదరదని అక్కడే తేలిపోయింది.

మిగతా పని ఫ్రీగా దొరికే ఓపెన్‌సీవీ లైబ్రరీతో అయిపోతుంది:

```python
import cv2, numpy as np
img  = np.float32([[464,907],[1208,907],[1052,419],[776,419]])
plan = np.float32([[0,0],[6,0],[6,20],[0,20]])
H = cv2.getPerspectiveTransform(img, plan)
p = np.float32([[[960,515]]])
print(cv2.perspectiveTransform(p, H))
```

పై లైన్లో ఉన్నవి ఫొటోలోని పిక్సెళ్లు, కింద లైన్లో ఉన్నవి అదే వరసలో రోడ్డు మీటర్లు. వరస తారుమారైతే రోడ్డు మెలితిరిగిపోతుంది, చూసుకోండి.

ఐదో గుర్తు

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నాలుగు గుర్తులిచ్చాక అదే నాలుగింటిని తిరిగి అడిగితే సమాధానం ఎప్పుడూ కరెక్టుగానే వస్తుంది. మన కొలత తప్పైనా సరే అలాగే వస్తుంది. కాబట్టి అది పరీక్ష కాదు. లెక్కలోకి తీసుకోని ఐదో గుర్తు కావాలి.

మా సందు మధ్యలో ఒక డ్రైనేజీ మూత ఉంది. ఫొటోలో దాని నడిమధ్య (960, 515) దగ్గరుంది. పై కోడ్‌లో అడిగింది దాన్నే. ఎడమ గీత నుంచి 4.00 మీటర్లు, దగ్గరి గీత నుంచి 12.05 మీటర్లు అని చెప్పింది. అంటే మొదటి మూల నుంచి నేరుగా 12.70 మీటర్లు. బావ టేపు లాగితే 12.65 వచ్చింది. తేడా 5 సెంటీమీటర్లు. "ఏమో అనుకున్నా గానీ, పర్లేదురా" అన్నాడు.

ఈ 5 సెంటీమీటర్లకి కారణం కూడా చూడండి. దగ్గరి గీత వద్ద నిలువుగా ఒక పిక్సెల్ అంటే నేల మీద సెంటీమీటరున్నర. చెట్టు దగ్గరి గీత వద్ద అదే ఒక పిక్సెల్ 11 సెంటీమీటర్లు. గుర్తు మీద క్లిక్ చేసేటప్పుడు చెయ్యి మూడు పిక్సెళ్లు తప్పిందనుకోండి, దగ్గరైతే అరచెయ్యి వెడల్పు కూడా పోదు, దూరమైతే అడుగు పైనే పోతుంది. అందుకే దూరంలో వచ్చిన అంకెని దశాంశాలతో నమ్మకూడదు. దూరపు గుర్తుల్ని మాత్రం ఫొటోని పెద్దది చేసుకుని మరీ క్లిక్ చెయ్యాలి.

ఇప్పుడు మావయ్య పొరపాటు కూడా తేలిపోయింది. ఫొటోలో మా పెట్టె పైగీతకీ కిందిగీతకీ సరిగ్గా మధ్యలో ఒక అడ్డగీత గీసి, అది రోడ్డు మీద ఎక్కడుందో అడిగా. 10 మీటర్ల దగ్గర ఉంటుందనుకుంటాం కదా? 5.4 మీటర్ల దగ్గరే వచ్చింది. అంటే ఫొటోలో కింది సగంలో 5.4 మీటర్ల రోడ్డుంటే, పై సగంలో 14.6 మీటర్ల రోడ్డు ఇరుక్కుని ఉంది. ఇంకోలా చెప్పాలంటే, మొదటి 10 మీటర్లూ చివరి 10 మీటర్లూ నేల మీద చెరో 60 చదరపు మీటర్లు. ఫొటోలో మాత్రం మొదటిది రెండోదానికి నాలుగున్నర రెట్లు పెద్దది. రెండు చోట్లా ఒకే సంఖ్యలో మనుషులున్నా, చివర ఉన్నవాళ్లు కిక్కిరిసినట్టే కనిపిస్తారు.

తలకాయతో వచ్చిన తంటా

ధీమా పెరిగింది. బావని ఆ డ్రైనేజీ మూత మీద నిలబెట్టా. అయిదడుగుల మూడంగుళాల మనిషి, అంటే 1.6 మీటర్లు. అతని తల మీద క్లిక్ చేశా. ప్రోగ్రాం '20 మీటర్ల దగ్గర ఉన్నాడు' అంది. మనిషి నిలబడింది 12 దగ్గర!

కోడ్‌లో తప్పేమో అని అరగంట వెతికా. తప్పు కోడ్‌లో లేదు. హోమోగ్రఫీకి తెలిసింది నేల ఒక్కటే. మనం ఏ పిక్సెల్ చూపించినా, అది నేలకి అంటుకుని ఉందనే అనుకుంటుంది. బావ తల నేల మీద లేదు. కెమెరా నుంచి బయల్దేరిన చూపు అతని తలని తాకి, అక్కడితో ఆగకుండా వెనక్కి వెళ్లి ఎక్కడో నేలని తాకుతుంది. ఆ చోటుని చెప్పింది.

ఎంత వెనక్కో చిన్న లెక్కతో చెప్పొచ్చు. దారానికి రాయి కట్టి డాబా మీంచి వదిలితే కెమెరా ఎత్తు 6 మీటర్లని తేలింది. కెమెరా కింద నుంచి మా దగ్గరి గీత 10 మీటర్లు, కాబట్టి బావ కెమెరాకి 22 మీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ దూరాన్ని మనిషి ఎత్తుతో గుణించి, కెమెరా ఎత్తులోంచి మనిషి ఎత్తు తీసేస్తే మిగిలేదానితో భాగించాలి. 22 × 1.6 ÷ 4.4 = 8 మీటర్లు. బావ సరిగ్గా 8 మీటర్లే వెనక్కి జరిగాడు.

కాబట్టి ఒక మనిషి ఎక్కడున్నాడో కావాలంటే పాదాల దగ్గర క్లిక్ చెయ్యాలి. బండి అయితే చక్రం నేలని తాకే చోట. ఒక్క మనిషికైతే ఇది సులువే. కానీ గుంపులో పాదాలు ఎక్కడ కనిపిస్తాయి? కనిపించేవి తలలే. నాకు అసలు కావాల్సింది గుంపే కదా!

దీనికి దారి ఉంది. నేలకి బదులు తలల ఎత్తులో ఒక చదునైన కప్పు ఉందనుకుని, దానికి వేరే మ్యాప్ చేసుకోవాలి. మేస్త్రీ దగ్గరే నాలుగు పైపు ముక్కలు తెచ్చి, 1.6 మీటర్ల ఎత్తున ఎర్ర టేపు చుట్టాం. వాటిని నాలుగు సుద్ద గుర్తుల మీద నిటారుగా నిలబెట్టి, ఈసారి ఎర్ర టేపుల మీద క్లిక్ చేశా. నేల కొలతలు మాత్రం పాతవే, 6 ఇంటూ 20. ఇప్పుడు బావ తల మీద క్లిక్ చేస్తే 12 దగ్గరే వచ్చాడు.

అందరూ 1.6 మీటర్లుండరు కదా అంటారా? కరెక్ట్. అదే చోట 1.7 మీటర్ల మనిషి నిలబడితే అర మీటరు వెనక ఉన్నట్టు చూపిస్తుంది. భుజాలకెత్తుకున్న పిల్లలైతే ఇంకా తప్పుతారు. ఒక్కో మనిషి చోటు చెప్పడానికి ఇది పనికిరాదు. కానీ 10 మీటర్ల ముక్కలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి ఈ తేడా పెద్దది కాదు. అర మీటరు అటూ ఇటూ అయ్యేది అంచుల్లో ఉన్న కొద్దిమందే.

మళ్లీ సోమవారం

తర్వాతి సోమవారం తెల్లవారుజామున ఒక ఫొటో తీసి, కనిపించిన ప్రతి తల మీదా చుక్క పెట్టా. చుక్కలు మాత్రం ఉంచి, ఫొటో చెరిపేశా. ఎవరి మొహమూ నాకక్కర్లేదు. చుక్కల్ని ప్లాన్ మీదకి మారిస్తే, కొట్టు వైపు 60 చదరపు మీటర్లలో 132 మంది, చెట్టు వైపు 60 చదరపు మీటర్లలో 96 మంది. అంటే చదరపు మీటరుకి 2.2, 1.6. ఇది ప్రమాదకరమైన రద్దీ కాదు. కానీ ఎక్కువ ఇరుకు ఎటువైపో తేలిపోయింది. మావయ్య ఫోన్‌లో మాత్రం ఆ రోజూ చెట్టు వైపే కిక్కిరిసి కనిపించింది.

ఈ 'చదరపు మీటరుకి ఎంతమంది' అన్న అంకె ఎందుకంత ముఖ్యం? మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చాప మీద నలుగురు నిలబడితే ఇరుకే, అయినా ఎవరి కాళ్ల మీద వాళ్లుంటారు. ఆ సంఖ్య ఏడు దగ్గరికి వస్తే గుంపు నీళ్లలా కదులుతుందని జాన్ ఫ్రూయిన్ అనే ఇంజినీర్ రాశాడు. అప్పుడు మన అడుగు మన చేతిలో ఉండదు. వెనక ఎవరో నెడితే ఆ తోపు అలలా ముందుకి పోతుంది.

దీన్ని కెమెరాలోంచే చూసిన సందర్భం ఒకటుంది. 2006 జనవరి 12న మక్కా దగ్గర మినాలో, జమరాత్ వంతెన దగ్గర తొక్కిసలాటలో వందల మంది యాత్రికులు చనిపోయారు. ఆ రోజు అక్కడి కెమెరా వీడియోని డిర్క్ హెల్బింగ్, తోటి పరిశోధకులు విశ్లేషించి 2007లో ప్రచురించారు. సాఫీగా నడుస్తున్న జనం మొదట ఆగుతూ కదులుతూ అలలుగా మారారు. ఆ తర్వాతే గుంపు ఎటుపడితే అటు ఊగిపోయే దశ వచ్చింది. అంటే ప్రమాదానికి ముందే గుర్తు కనిపించింది. కానీ ఆ గుర్తుని అంకెలుగా చదవాలంటే వేగం మీటర్లలో కావాలి, ఇరుకు చదరపు మీటర్లలో కావాలి. పిక్సెళ్లలో చూస్తే దూరాన వేగంగా నడిచేవాడు కూడా నత్తలాగే కనిపిస్తాడు.

ఘాట్‌కి తీసుకెళ్తే?

"అయితే ఇదే ప్రోగ్రాం తీసుకెళ్లి పుష్కర ఘాట్‌లో పెట్టెయ్యొచ్చుగా?" అన్నాడు మావయ్య. పెట్టకూడదు, ఎందుకంటే ఘాట్ చదును కాదు. మెట్లు.

మా సందులోలాగే కెమెరా రోడ్డుకి 6 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఒకాయన 22 మీటర్ల దూరంలో, రోడ్డు కంటే ఒక మీటరు కింద మెట్టు మీద నిలబడ్డాడు. రోడ్డుకి చేసిన మ్యాప్ అతన్ని 19 మీటర్ల దగ్గరే చూపిస్తుంది. 3 మీటర్లు ముందుకి లాగేసింది. నీళ్ల దగ్గరికి దిగేకొద్దీ ఈ తప్పు పెరుగుతుంది. కాబట్టి ఘాట్‌కి వచ్చే రోడ్డుకి ఒక మ్యాప్, మెట్ల మధ్యలో చదునుగా ఉండే ఒక్కో అరుగుకి ఒక్కో మ్యాప్ విడివిడిగా చెయ్యాలి. మెట్ల మీద ఒక్క మ్యాప్‌తో వచ్చిన అంకెని నమ్మడం కన్నా, అంకె లేకపోవడమే నయం.

ఇంకోటి, కెమెరా కదలడం. మా మ్యాప్ చేసిన పది రోజులకి డాబా మీద బట్టలారేస్తూ ఎవరో కెమెరాకి చెయ్యి తగిలించారు. ఫొటో చూస్తే ఏ తేడా తెలీదు. కానీ ఒక్క డిగ్రీ వాలినా ఫొటో 24 పిక్సెళ్లు జరుగుతుంది. చెట్టు దగ్గర అది దాదాపు రెండున్నర మీటర్ల తప్పు. మేం పట్టుకున్నది డ్రైనేజీ మూతతోనే. అది (960, 515) దగ్గర ఉండాలి, లేదు. అందుకే కొలత మొదలుపెట్టే ముందు రోజూ ఆ మూతని ఒకసారి చూడాలి. మూత జరగదు కాబట్టి, అది జరిగినట్టు కనిపిస్తే జరిగింది కెమెరానే. వెంటనే గుర్తులు మళ్లీ క్లిక్ చేసుకోవాలి.

మూడోది లెన్సు. వెడల్పుగా చూపించే చవక కెమెరాల్లో నిటారు గోడ కూడా ఫొటో అంచున విల్లులా వంగుతుంది. ఆ వంపుని నాలుగు గుర్తులు సరిచెయ్యలేవు. పరీక్ష సులువు: రోడ్డు అంచు లాంటి తిన్నని గీత ఫొటోలో ఎక్కడుందో చూసి, దాని మీద స్కేలు పెట్టండి. గీత స్కేలుని వదిలి పక్కకి పోతుంటే ముందు లెన్సు వంపు తియ్యాలి, ఆ తర్వాతే మ్యాప్. మా కెమెరాలో ఆ గీత తిన్నగానే ఉంది, బతికిపోయాం.

ఇదంతా అయ్యాక మావయ్యకి ఫోన్‌లో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించా. ఒకటి కెమెరా ఫొటో. రెండోది పైనుంచి చూసినట్టున్న ప్లాన్, దాని మీద చుక్కలు. కాసేపు అటూ ఇటూ చూసి, "అంటే నేను ఇన్నాళ్లూ మీ అత్తని ఆపింది ఖాళీగా ఉన్నవైపు చూసా!" అన్నాడు.

లోపల్నుంచి అత్త గొంతు: "ఈసారి పుష్కరాలకి ఆయన ఫోన్ చూసి చెప్తే నేను కదల్నురా. ఆ చుక్కల బొమ్మ పంపు."

పంపుతానన్నా. కానీ ముందు డ్రైనేజీ మూత చూసి.